46 మంది చాలాలి కదా, 62 మంది ఎందుకు?

ఒక సిటీ బస్సు డిపో ఉందనుకుందాం. తెల్లవారి 5 గంటలకు మొదటి బస్సు, రాత్రి 11కి చివరి బస్సు గేట్లోకి వస్తుంది. ఏ గంటలో ఎన్ని బస్సులు రోడ్డు మీద ఉండాలో ట్రాఫిక్ విభాగం లెక్క కట్టి ఇచ్చింది. బస్సుకొక డ్రైవరు. డ్యూటీ ఎనిమిది గంటలు. అంకెలు నేను లెక్క కోసం వేసుకున్నవే కానీ, ఉదయం, సాయంత్రం రద్దీ పెరిగి మధ్యాహ్నం తగ్గే ఈ తీరు ఏ నగరంలోనైనా కనిపించేదే.

| మొదలయ్యే గంట | 5 | 6 | 7 | 8 | 9 | 10 | 11 | 12 | 13 |
|---|---|---|---|---|---|---|---|---|---|
| కావలసిన డ్రైవర్లు | 8 | 14 | 22 | 30 | 30 | 24 | 18 | 16 | 16 |

| మొదలయ్యే గంట | 14 | 15 | 16 | 17 | 18 | 19 | 20 | 21 | 22 |
|---|---|---|---|---|---|---|---|---|---|
| కావలసిన డ్రైవర్లు | 16 | 18 | 24 | 30 | 32 | 28 | 20 | 14 | 8 |

మొత్తం కూడితే 368 డ్రైవర్-గంటలు. ఒక్కొక్కరు ఎనిమిది గంటలు చేస్తారు కాబట్టి ఎనిమిదితో భాగిస్తే 46. జీతాల లెక్క చూసే అధికారి ఇక్కడే ఆగిపోతాడు. "46 మందితో నడవాల్సిన డిపోలో ఇంతమంది ఎందుకున్నారు?" అని అడుగుతాడు. డ్యూటీలు వేసే క్లర్కు మాత్రం ఎన్ని రకాలుగా తిప్పి వేసినా 62కి తగ్గించలేకపోతాడు. ఇద్దరి లెక్కా తప్పు కాదు. కాకపోతే అధికారి గంటలను లెక్కపెట్టాడు, క్లర్కు మనుషులను లెక్కపెట్టాడు. ఈ రెండింటి మధ్య తేడాను పట్టుకునే గణితమే పూర్ణాంక ప్రోగ్రామింగ్. ఇంగ్లీషు మాటలో చెప్పుకుంటే ఇంటీజర్ ప్రోగ్రామింగ్.

62 ఎక్కడి నుంచి వచ్చింది

మనకు తెలియాల్సింది ఒక్కటే: ఏ గంటకు ఎంతమంది డ్యూటీ ఎక్కాలి? 5కి ఎక్కేవాళ్ల సంఖ్యను x5 అందాం, 6కి ఎక్కేవాళ్లను x6, ఇలా. రాత్రి 11కి డిపో మూస్తారు కాబట్టి చివరి డ్యూటీ మధ్యాహ్నం 3కి, అంటే 15 గంటలకు మొదలవ్వాలి. మొత్తం 11 తెలియని సంఖ్యలు. వీటి మొత్తం వీలైనంత తక్కువగా ఉండాలి. కానీ ప్రతి గంటకూ ఒక షరతు ఉంటుంది: ఆ గంటలో డ్యూటీలో ఉన్నవాళ్లందరినీ కూడితే కావలసిన సంఖ్యకు తగ్గకూడదు.

ఉదయం 9 గంటల షరతు చూడండి. ఆ గంటలో ఎవరెవరు స్టీరింగ్ దగ్గర ఉంటారు? 5కి ఎక్కినవాళ్లు మధ్యాహ్నం 1 దాకా ఉంటారు కాబట్టి ఉన్నట్టే. 9కి ఎక్కినవాళ్లు కూడా ఉన్నట్టే. సాయంత్రం 6 గంటల షరతులో 11 నుంచి 15 లోపు ఎక్కినవాళ్లు వస్తారు. రెండూ పక్కపక్కన రాస్తే ఇలా ఉంటాయి:

```
x5 + x6 + x7 + x8 + x9 >= 30
x11 + x12 + x13 + x14 + x15 >= 32
```

ఈ రెండు వరుసల్లోనూ ఉన్న పేరు ఒక్కటీ లేదు. ఉదయం 9కి బండి మీద ఉన్న డ్రైవరు సాయంత్రం 6కి ఉండే అవకాశమే లేదు, ఎనిమిది గంటల డ్యూటీ అంత దూరం సాగదు. అందుకే ఇక్కడ 30 మందీ అక్కడ 32 మందీ పూర్తిగా వేర్వేరు మనుషులు. 62కి తక్కువ కుదరదనడానికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు.

తక్కువ కుదరదు సరే, 62తో కుదురుతుందా? కుదురుతుంది. ఉదయం 5కి 8 మంది, 6కి 6, 7కి 8, 8కి 8. ఇది 30. తర్వాత 11కి 4, 12కి 8, 13కి 6, 14కి 6, 15కి 8. ఇది 32. ఏ గంట తీసుకుని కూడి చూసినా పట్టికలో ఉన్న సంఖ్యకు తగ్గదు. జీతం ఇచ్చేది 496 గంటలకు, రోడ్డు మీద పని 368 గంటలకు. మిగిలిన 128 గంటలు ఎవరో పని ఎగ్గొట్టినవి కావు. పగలు రెండు చోట్ల ఉబ్బే అవసరాన్ని ఏకబిగి ఎనిమిది గంటల డ్యూటీలతో కప్పబోతే మధ్యలో మిగిలిపోయినవి.

ఈ ఆలోచన కాగితం మీదకు వచ్చింది 1954లో. న్యూయార్క్ పోర్ట్ అథారిటీలో పనిచేసే లెస్లీ ఈడీ, వంతెనల దగ్గరా సొరంగాల దగ్గరా టోల్ వసూలు చేసే బూతుల్లో వాహనాలు ఎంతసేపు ఆగుతున్నాయో కొలిచి, ఏ సమయంలో ఎన్ని బూతులు తెరవాలో లెక్కగట్టాడు. ఆ బూతుల్లో కూర్చునేవాళ్ల షిఫ్టులు ఎలా వెయ్యాలన్న ప్రశ్నకు అదే ఏడాది జార్జ్ డాంట్జిగ్ చిన్న వ్యాసంతో జవాబిచ్చాడు. సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టిన గణితవేత్త ఆయనే. ప్రతి షిఫ్టుకూ ఒక తెలియని సంఖ్య, ప్రతి సమయానికీ ఒక షరతు అని ఆయన రాసిన రూపమే ఇప్పటికీ వాడుకలో ఉంది.

తిండికి టైమెప్పుడు

పైన వేసిన చార్టులో ఒక లోటు ఉంది. మన దేశంలో 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవర్ల పనికి కొన్ని హద్దులు గీసింది: రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, ఏకధాటిగా 5 గంటలు దాటకముందే కనీసం అరగంట విరామం, ఏడు రోజుల్లో ఒక రోజు సెలవు. ఇప్పుడు 5 గంటలకు ఎక్కిన ఎనిమిది మందిని చూడండి. వాళ్లకు 10లోపు అరగంట ఇవ్వాలి. కానీ మన చార్టులో 5 నుంచి 10 దాకా ప్రతి గంటలోనూ ఎంతమంది కావాలో సరిగ్గా అంతమందే ఉన్నారు. ఒక్కరు టీకి దిగినా ఒక బస్సు ఆగిపోతుంది.

దీనికి డ్రైవర్లను పెంచక్కర్లేదు. 8కి ఎక్కాల్సిన ఎనిమిది మందిని 6కే ఎక్కిస్తే 6 గంటల వేళ 14 మంది చోట 22 మంది ఉంటారు. మొదటి జట్టు ఆరున్నరకు టిఫిన్ చేసి ఏడుకు మళ్లీ బండి ఎక్కుతుంది, మధ్యాహ్నం 12కి ఇంకో విరామం తీసుకుంటుంది. మొత్తం మారలేదు, మారింది ఎక్కే సమయమే. సాయంత్రం జట్టుకూ ఇలాగే మళ్లీ సర్దాలి.

ఇందులో తెలుసుకోవాల్సిన సంగతి ఉంది. 62 మందితో నడిపే చార్టు ఒకటే కాదు, చాలా ఉంటాయి. కంప్యూటరు తనకు ముందు దొరికినదాన్ని చూపించి ఊరుకుంటుంది. అది తెచ్చిచ్చిన చార్టే శాసనమని నోటీసు బోర్డు మీద అంటించే డిపోలో గొడవలు తప్పవు. తెలిసినవాళ్లు ముందు కనిష్ఠ సంఖ్యను రాబట్టి, దాన్ని కదలకుండా బిగించి, రెండోసారి వేరే ప్రశ్న అడుగుతారు: 62 మందే ఉండేలా, విరామాలు సరిగ్గా పడేలా, తెల్లవారుజామున ఎక్కేవాళ్లు వీలైనంత తక్కువ ఉండేలా చార్టు ఏది?

స్ప్లిట్ డ్యూటీ, సగం డ్రైవరు

ఉదయం, సాయంత్రం రద్దీలను ఒకే మనిషి చూడలేడన్నదే 62కి మూలమైతే, డ్యూటీని రెండు ముక్కలు చేస్తే? ఉదయం 8 నుంచి 12 దాకా నాలుగు గంటలు, ఇంటికెళ్లి మళ్లీ 4 నుంచి 8 దాకా నాలుగు గంటలు. డిపోల్లో దీన్ని స్ప్లిట్ డ్యూటీ అంటారు. మొదట ఎక్కినప్పటి నుంచి చివర దిగేదాకా పన్నెండు గంటలు. 1961 చట్టం స్ప్రెడ్ ఓవర్ పేరుతో పెట్టిన హద్దు కూడా సరిగ్గా అంతే ఉండేది.

ఇలాంటి డ్రైవరు పై రెండు షరతుల్లోనూ లెక్కకు వస్తాడు. ఎనిమిది మందికి స్ప్లిట్ వేస్తే మొత్తం 54కి దిగుతుంది, అంటే ఒక్కో స్ప్లిట్‌కు ఒక డ్రైవరు తగ్గినట్టు. డ్రైవరు వైపు నుంచి చూస్తే పొద్దున ఎనిమిదికి మొదలైన రోజు రాత్రి ఎనిమిదికి గానీ తెమలదు. ఇల్లు డిపోకు దూరమైతే మధ్యలోని నాలుగు గంటలు రెస్ట్ రూములోనే గడుస్తాయి. అందుకే స్ప్లిట్‌లు ఎన్నికి మించకూడదో, వాటికి అదనంగా ఎంత ఇవ్వాలో యూనియన్‌తో మాట్లాడుకుని ఆ హద్దును మరో షరతుగా రాస్తారు.

స్ప్లిట్ రాగానే గణితంలోనూ ఒక చిక్కు వస్తుంది. ఏకబిగి డ్యూటీలే ఉండి, అర్ధరాత్రి దాటని సర్వీసులైతే, తెలియని సంఖ్యలు పూర్ణాంకాలే కావాలని పట్టుబట్టక్కర్లేదు. మామూలు లీనియర్ ప్రోగ్రామింగ్‌లో సింప్లెక్స్‌తో సాధించినా పూర్ణాంకాలే వస్తాయి. డ్యూటీ మధ్యలో ఖాళీ పడితే ఈ సుగుణం పోతుంది.

చిన్న లెక్క చూద్దాం. రోజులో మూడే వేళలు: ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం. ప్రతి వేళకూ ఏడుగురు కావాలి. డ్యూటీలు మూడు రకాలు: ఉదయం-మధ్యాహ్నం, మధ్యాహ్నం-సాయంత్రం, ఇక స్ప్లిట్‌గా ఉదయం-సాయంత్రం. భిన్నాలకు అడ్డు చెప్పకపోతే ఒక్కో రకానికి మూడున్నర మంది చొప్పున పదిన్నర మంది చాలంటుంది యంత్రం. లెక్కకు సరిపోయింది, కానీ సగం డ్రైవరుకు బండి అప్పగించలేం. మూడింటినీ పైకి సవరించి నాలుగు చేస్తే 12 అవుతారు, ఒకరు వృథా. కిందకు సవరిస్తే ప్రతి వేళా ఒకరు తక్కువ.

1960లో ఐల్సా ల్యాండ్, ఆలిసన్ డాయిగ్ అనే ఇద్దరు మహిళలు ప్రచురించిన పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. స్ప్లిట్‌లు మూడున్నర ఉండలేవు కాబట్టి, అయితే 3 లేదా అంతకన్నా తక్కువ, కాకుంటే 4 లేదా అంతకన్నా ఎక్కువ. మూడో దారి లేదు. ప్రశ్నను రెండుగా చీల్చి విడివిడిగా సాధిస్తారు. స్ప్లిట్‌లు 3 అయితే ఉదయానికీ సాయంత్రానికీ ఇంకో నలుగురేసి కావాలి: 3, 4, 4 కలిపి 11. స్ప్లిట్‌లు 4 అయితే వాళ్లెవరూ మధ్యాహ్నం ఉండరు, మధ్యాహ్నానికి వేరే ఏడుగురు కావాలి: మళ్లీ 11. రెండు దారుల్లోనూ 11కి తగ్గలేదు కాబట్టి అదే కనిష్ఠం, వెతుకులాట ముగిసింది. అసలు డిపోలో వందల రకాల డ్యూటీలుంటాయి, చీలికలు వేలల్లోకి వెళ్తాయి. యంత్రం చేసే పని మాత్రం ఇదే: చీల్చడం, ఇక మెరుగుపడదని తేలిన కొమ్మను వదిలేయడం.

వీక్లీ ఆఫ్ లెక్క

ఇప్పటిదాకా చూసింది ఒక రోజు సంగతి. డ్రైవరు వారానికి ఆరు రోజులే పనిచేస్తాడు. స్ప్లిట్‌లు లేని చార్టునే తీసుకుని, సోమ, శుక్రవారాల్లో 62 మంది, మంగళ, బుధ, గురువారాల్లో 60 మంది చొప్పున, శనివారం 56, ఆదివారం 42 మంది కావాలనుకుందాం. రోల్స్‌లో ఎంతమంది ఉండాలి?

ఆరుగురికి ఒకరు అదనం అనే పాత లెక్క వేస్తే 62 మీద ఇంకో 11 మంది, అంటే 73. ఈసారి తొందర లెక్క ఎక్కువ చూపించింది. నిజానికి వారం మొత్తం మీద 402 డ్యూటీలు, ఒక్కొక్కరు ఆరు చేస్తారు, కాబట్టి 67 మంది. 67 మందీ ఉంటే సోమవారం 5 మందికి ఆఫ్ ఇవ్వొచ్చు, మంగళ, బుధ, గురువారాల్లో ఏడుగురికి చొప్పున, శుక్రవారం 5 మందికి, శనివారం 11, ఆదివారం 25 మందికి. కూడితే సరిగ్గా 67 ఆఫ్‌లు, ఒక్కొక్కరికి ఒకటి. వారానికి ఒక్క ఆఫ్ ఉన్నంతవరకు సూత్రం ఇంతే: అన్ని రోజుల మొత్తాన్ని ఆరుతో భాగించి పైకి సవరించినది, అత్యధిక రద్దీ ఉన్న రోజు సంఖ్య, ఈ రెండింటిలో ఏది పెద్దదైతే అది. దీనికి కంప్యూటరు కూడా అక్కర్లేదు.

చిక్కు వచ్చేది ఆదివారం దగ్గర. 25 మందికి ఎప్పుడూ ఆదివారమే ఆఫ్, మిగిలిన 42 మందికి ఎప్పుడూ కాదు అంటే ఎవరూ ఒప్పుకోరు. సరే, మారుద్దాం అని ఈ వారం సోమవారం ఆఫ్ తీసుకున్న డ్రైవరుకు వచ్చే వారం ఆదివారం ఇచ్చారనుకోండి. చార్టు మీద ప్రతి వారమూ ఒక ఆఫ్ కనిపిస్తుంది. మనిషి మాత్రం మంగళవారం నుంచి పై శనివారం దాకా వరుసగా 12 రోజులు బండి నడుపుతాడు. తప్పు ఏ వారం పేజీలోనూ కనిపించదు. రెండు వారాల చార్టులు పక్కపక్కన పెట్టి ఒక్కో మనిషి వరుసను వేలితో చదివితేనే దొరుకుతుంది. ఆఫ్‌ను ముందుకు కాకుండా వెనక్కి, అంటే ఆదివారం నుంచి శనివారానికి, అక్కడి నుంచి శుక్రవారానికి జరుపుతూ పోతే ఈ ప్రమాదం ఉండదు. కానీ సోమవారం దాకా వచ్చాక మళ్లీ ఆదివారానికి మారే వారంలో ఒకే మనిషికి రెండు ఆఫ్‌లు పడతాయి. ఆ రెండోదానికి 67లో చోటు లేదు. న్యాయంగా తిప్పాలంటే మరికొందరు డ్రైవర్లు కావాలి.

ప్రోగ్రాముకు చెప్పకపోతే తెలియనివి

గంటల షరతులకు మనుషుల పేర్లు తెలియవు. రాత్రి 11కి దిగినవాణ్ణి తెల్లవారి 5కి ఎక్కించినా సంఖ్యలు సరిపోతాయి. మధ్యలో ఆరు గంటలే ఉన్నాయి, అందులో ఇంటికి వెళ్లి రావాలి, నిద్రపోవాలి. కాబట్టి రాత్రి డ్యూటీ తర్వాత పొద్దుటి డ్యూటీ పడకూడదని మనిషి మనిషికీ వేరుగా షరతు రాయాలి. ఇది చేర్చగానే 11 తెలియని సంఖ్యలతో మొదలైన లెక్క వేలల్లోకి పెరుగుతుంది.

రెండోది గైర్హాజరు. 67 అన్నది అందరూ వస్తే సరిపోయే సంఖ్య. జ్వరాలు, పెళ్లిళ్లు, సెలవులు కలిసి పదిమందిలో ఒకరు రారనుకుంటే రోల్స్‌లో 75 మంది ఉండాలి. ఆ లెక్క ముందే వేసుకోని డిపోలో లోటంతా ఓటీ మీద, డబుల్ డ్యూటీల మీద పడుతుంది.

మూడోది, మనుషులు చాలనప్పుడు యంత్రం ఇచ్చే జవాబు. 60 మందే వచ్చిన రోజున అదే ప్రశ్న అడిగితే "సాధ్యం కాదు" అని చెప్పి ఊరుకుంటుంది. ఉదయం ఆరింటికి గేటు దగ్గర నిలబడ్డవాడికి ఆ జవాబుతో పనిలేదు. అందుకే ప్రతి గంట షరతులోనూ "కొరత" అనే ఇంకో సంఖ్యను చేర్చి, దానికి పెద్ద జరిమానా పెడతారు. అప్పుడు సాయంత్రం 6కి రెండు బస్సులు తగ్గుతాయి, మిగతా గంటలన్నీ సాగుతాయి అని తేల్చి చెబుతుంది. ఏ రూటులో తగ్గించాలో మనుషులు నిర్ణయించుకోవచ్చు.

నాలుగోది, బస్సు గడియారం ముల్లును చూసి ఆగదు. 1 గంటకు డ్యూటీ దిగాల్సిన డ్రైవరు ఆ సమయానికి ఊరవతలి టెర్మినల్‌లో ఉండొచ్చు. డ్రైవర్లు మారగలిగే చోట్లు కొన్నే ఉంటాయి. అందుకే పెద్ద సంస్థలు గంటల లెక్కను సిబ్బంది సంఖ్య తేల్చడానికి వాడి, రోజువారీ డ్యూటీలను మాత్రం ట్రిప్పు ట్రిప్పు కలిపి కడతాయి.

ఏ గంట ఖరీదైనది

ఇన్ని హద్దులున్నా, ఈ లెక్క చెప్పే ఒక విషయం చార్టు కన్నా విలువైనది. 62ని నిర్ణయించినవి ఉదయపు రద్దీ, సాయంత్రం 6 గంటల రద్దీ మాత్రమే. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా నాలుగేసి బస్సులు ఆపేస్తే డీజిలు మిగులుతుంది కానీ ఒక్క డ్రైవరు కూడా తగ్గడు. అదే వేళలో పదేసి బస్సులు అదనంగా నడిపినా ఒక్క డ్రైవరు కూడా పెరగడు, ఎందుకంటే వాళ్లు అప్పటికే డ్యూటీలో ఉన్నారు. సాయంత్రం 6కి కావలసిన 32ను 31కి తెస్తే మాత్రం ప్రతి రోజూ ఒక డ్రైవరు తగ్గుతాడు, 30కి తెస్తే ఇద్దరు. ఉదయం 9ని ఒక్కదాన్నే తగ్గిస్తే లాభం లేదు, పక్కనే 8 కూడా 30 దగ్గరే కూర్చుంది. రెండింటినీ కలిపి తగ్గించాలి.

డ్రైవర్ల ఖర్చు తగ్గించాలని మధ్యాహ్నపు సర్వీసులకు కోత పెట్టే డిపో, జీతాల్లో రూపాయి మిగలకుండానే ప్రయాణికులను పోగొట్టుకుంటుంది. ఆ పని చేసే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. సాయంత్రం 6 గంటల రద్దీలో కొంతైనా, బడుల, ఆఫీసుల వేళలు అటూ ఇటూ జరిపి, పక్క గంటలకు మళ్లించగలమా? అది కుదరకపోతే ఎన్ని స్ప్లిట్ డ్యూటీలకు, ఎంత అలవెన్సుకు డ్రైవర్లు ఒప్పుకుంటారు? ఒక్కో స్ప్లిట్ ఒక డ్రైవరు జీతాన్ని మిగుల్చుతోందని లెక్కే చెబుతోంది కాబట్టి, ఆ మిగులులో తమ వాటా ఎంతని అడిగే హక్కు స్టీరింగ్ పట్టినవాళ్లకు ఉంది.